వంతుల అవ్వ మౌనదీక్ష

జనవరి 1, బుధవారం. నస్పూర్, పెద్దోడి క్వార్టర్.

నిర్ణయం: ఈ రోజు నుంచి కొడుకుల ఇళ్లలో నోరు తెరవను.

సలహా ఇచ్చింది కిష్టవ్వ. మందమర్రిలో ముప్పై ఏళ్లు మా పక్కిల్లు. నిన్న ఫోన్లో, "ముసలోళ్లు మాట్లాడకుంటెనే కొడుకులకు ముద్దు. కన్ను ఆపరేషన్ అయ్యేదాకనన్న జర నోరు మూస్కో అనసూర్యా" అంది.

నిజమే. కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమది కూడా మసకేసింది. ఎండలు ముదరకముందే చేయించాలని డాక్టర్ చెప్పాడు. లేకపోతే పేపరు లేదు, ఈ డైరీ లేదు, గోడ పట్టుకుని నడవడమే. అంగన్‌వాడీలో ఇరవై ఆరేళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన దాన్ని. కోడలు చెయ్యి పట్టుకుని బాత్రూముకు పోయే బతుకు నాకొద్దు.

నియమాలు:
కూరలో ఉప్పు గురించి మాట్లాడను.
కరెంటు బిల్లు గురించి మాట్లాడను.
చనిపోయిన మా ఆయన కొమురెల్లి పేరు ఎత్తను. (ఎత్తితే ఏడుపు, ఏడుపు తర్వాత తిట్లు.)

చాలా ఉత్సాహంగా ఉంది. ఇంత తేలికని తెలిస్తే పెళ్లయిన రోజే మొదలుపెట్టేదాన్ని.

జనవరి 4, శనివారం.

నాలుగో రోజు. ఒక్క మాట లేదు. పెద్ద కోడలు రోజారాణి పప్పులో ఉప్పు మరిచిపోయింది. తిన్నాను. చారులో ఆ ఉప్పు కూడా కలిపేసింది. తాగాను.

పెద్దోడు విజయేందర్ రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, "అవ్వకు పాణం బాగలేదా ఏంది, సప్పుడు చేస్తలేదు?" అని భార్యను అడిగాడు. నన్ను అడగలేదు. నేను పక్కనే కూర్చున్నాను.

జనవరి 12, ఆదివారం.

కన్ను మీద ఫోన్ మీటింగు. పెద్దోడు స్పీకర్ పెట్టాడు. కరీంనగర్ నుంచి చిన్నోడు పరశురాములు, టైల్స్ దుకాణం. ఆసిఫాబాద్ నుంచి బిడ్డ రమ, మిషన్ కుడుతుంది. ప్రైవేటు దవాఖానలో ఒక కన్నుకు ముప్పై ఐదు వేలట.

"నెల ఇడిచి నెల నేనే సాకుతున్న. పైసలు నువ్వు పెట్టు" అన్నాడు పెద్దోడు.

"నేను సాకుత లేనా? బాపు నౌకరి నీకొచ్చింది. నువ్వే పెట్టాలె."

"నౌకరి ఊకెనే వచ్చిందారా? రోజు బాయిల దిగుతున్న."

వాళ్ల బాపును బొగ్గు గనిలో మెడికల్ అన్‌ఫిట్ చేశారు. అలాంటప్పుడు ఆ ఉద్యోగం ఒక్క బిడ్డకే వస్తుంది. మిగతావాళ్లు మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. తీసుకున్నవాడు అమ్మానాన్నలను చూసుకుంటానని రాసివ్వాలి. రాసేవాడు రాశాడు, పెట్టేవాళ్లు పెట్టారు. ఆ రోజు విజయేందర్ నా కాళ్లు మొక్కి మరీ వెళ్లాడు.

"సంతకం నేను గూడ పెట్టిన. నాకేమొచ్చింది? ఒక చీర. అది గూడ రంగు పోయింది" అంది రమ.

"నువ్వు ఆడపిల్లవు, నీకు వంతు లేదు కదా. ఖర్చుల మూడో పాలు పెడితె చాలు" అన్నాడు పెద్దోడు.

"వంతు లేకుంటె ఖర్చుల మూడో పాలు ఎట్ల అడుగుతరన్నా?"

వంతుకు పనికిరాని ఆడపిల్ల బిల్లుకు పనికొస్తుంది. కొడుకులిద్దరూ డిగ్రీ చదివారు.

నేను ఒక్క ముక్క అన్నాను. "సర్కారు దవాఖానల ఊకెనే, పైస లేకుండ చేస్తరు" అని. ఇది మాట్లాడటం కింద రాదు, సమాచారం.

జన్మలో మొదటిసారి కొడుకులిద్దరూ ఏకమయ్యారు. "సర్కారు దవాఖానకా? నలుగురు ఏమంటరు?" ఆ నలుగురూ ముప్పై ఐదు వేలు ఇస్తారేమో అడగమందామనుకున్నాను. అడగలేదు. దీక్ష నిలిచింది.

జనవరి 31, శుక్రవారం. మంచిర్యాల బస్టాండ్, ఆ తర్వాత కరీంనగర్ బస్సు.

వంతు అంటే ముప్పై రోజులు, నిన్నటితో అయిపోయిందని రోజారాణి పొద్దున్నే నా సంచి సర్దింది. వంతు అంటే నెల, రేపే ఒకటో తారీఖు అని చిన్నోడు ఫోన్లో అంటాడు. కాబట్టి ఈ రోజు నేను ఎవరికీ చెందను. ఆడవాళ్లకు బస్సు ఉచితం. నన్ను పంపడానికి టికెట్ ఖర్చు కూడా లేదు. లేకపోతే దాని మీద ఇంకో మీటింగు ఉండేది.

కండక్టర్ అమ్మాయి "ఒక్కదానివే పోతున్నవా అవ్వా, తోడు ఎవ్వరు లేరా?" అంది. అంతే. బస్సు కదిలిన దగ్గర్నుంచి గోదావరి దాటేదాకా ఇద్దరు కొడుకుల చరిత్ర మొత్తం చెప్పేశాను. పక్క సీట్లవాళ్లు కూడా విన్నారు.

నియమం కొడుకుల ఇళ్ల గురించి. బస్సు కొడుకు ఇల్లు కాదు.

ఫిబ్రవరి 9, ఆదివారం. కరీంనగర్.

చిన్నోడు ఉల్లాసంగా ఉన్నాడు. ఫిబ్రవరి అతనికి వచ్చింది. "ఇరవై ఎనిమిది రోజులకు నన్ను మోసం చేసిండు" అని పెద్దోడు నస్పూర్‌లో కుతకుతలాడుతున్నాడట. నేను కన్నందుకు వీళ్లకు క్యాలెండర్ బాగా వచ్చింది.

భోజనం బాగుంది. మాట్లాడటం లేదు. టీవీ వాళ్లు చూసేదే చూస్తున్నాను. వినడమే ఎక్కువ, బొమ్మ కనిపించడం లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం.

దుకాణంలో అన్నం డబ్బా ఇచ్చి వస్తూ అద్దం తలుపుకు గుద్దుకున్నాను. తలుపు ఉందని కనిపించలేదు. నుదురు చిట్లింది. చిన్నోడు పరిగెత్తుకొచ్చాడు. ముందు అద్దం చూశాడు.

తర్వాత నన్ను చూశాడు, అది కూడా రాయాలి. చొక్కా కొసతో నెత్తురు తుడిచి పసుపు పెట్టాడు. అది చూసి ప్రేమ పుట్టి కాస్త నోరు జారాను. "నా కన్ను ఎప్పుడు చేపిస్తవు బిడ్డా?" అన్నాను.

"అన్న సగమిస్తె రేపే చేపిస్త అవ్వా. ఒక్కణ్నే పెడితె రేపు రెండో కన్ను గూడ నా నెత్తి మీదనే పడుతది."

తల్లికి రెండు కళ్లుండటం వీడికి నష్టం. అప్పుడు అన్నాను కొన్ని మాటలు. పసుపు డబ్బా విసిరాను కూడా. గిరాకీకి వచ్చిన ఇద్దరు బయటికి వెళ్లిపోయారు.

ఇది లెక్కలోకి రాదు. దెబ్బ తగిలినప్పుడు మనిషి అరుస్తుంది.

మార్చి 3, సోమవారం. నస్పూర్.

మళ్లీ పెద్దోడి వంతు. రోజారాణితో ఉప్పు గురించి మాట్లాడాను. కరెంటు బిల్లు గురించి కూడా. మా ఆయన పేరు ఎత్తాను. మూడు నియమాలూ టిఫిన్ లోపే అయిపోయాయి.

అలవాటు తప్పిందంతే. రేపటి నుంచి గట్టిగా.

మార్చి 5, బుధవారం.

కిష్టవ్వ దగ్గరికి వెళ్తున్నానని చెప్పి ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లాను. కిష్టవ్వ గేటు దగ్గర నిలబడి ఉంది. నోరు మూసుకోమన్నది ఈ మనిషే. "నీ నోరు కొడుకుల ఇంట్ల పని చెయ్యలే. ఇక్కడ చేస్తదేమో సూద్దాం" అంది.

కన్న పిల్లలు చూడకపోతే ముసలివాళ్లు ఇక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలు అక్కర్లేదు. పిల్లలను పిలిపించి, రాజీ కుదిరితే రాజీ, లేకపోతే నెలకు ఇంత ఇవ్వాలని ఆర్డరు వేస్తారు, పది వేల దాకా. నేనే రాశాను, లావు అక్షరాలతో. కాగితం మీద అన్నది నోరు తెరిచినట్టు కాదు.

బొగ్గు గని పింఛను ఎంత వస్తుందని గుమాస్తా అడిగాడు. రెండు వేలు కూడా నిండదన్నాను. మా ఆయన బాయిలో పోగొట్టుకున్న ఊపిరితిత్తులకు భార్యకు మిగిలింది అంతే. గుమాస్తా తల దించుకుని రాసుకున్నాడు.

మార్చి 13, గురువారం.

నోటీసులు అందాయి. పెద్దోడు అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. "మాకు నోటీసు పంపిస్తవా అవ్వా? గనిల అందరికి తెలిసింది." చిన్నోడు ఫోన్లో ఏడ్చాడు. రమకు కూడా పంపాల్సి వచ్చింది, పిల్లలందరి పేర్లూ రాయమన్నారు. అది మాత్రం నవ్వింది. "ఇప్పుడు నాకు గూడ వంతు వచ్చిందన్న మాట" అంది.

రెండు నెలలుగా కన్ను గురించి కదలని కొడుకులు పరువు గురించి రెండు గంటల్లో కదిలారు.

మార్చి 24, సోమవారం.

ఆర్డీఓ ఆఫీసుకు అందరినీ పిలిచిన రోజు. ఆర్డీఓ గారు కొడుకుల వయసు వాడు. "అమ్మను ఎవరు పెట్టుకుంటారు?" అని అడిగాడు.

విజయేందర్ కిందికి చూశాడు. పరశురాములు ఫోన్ చూశాడు. ఫోన్ మీటింగుల్లో ఒకరినొకరు మాట్లాడనివ్వని పిల్లలు.

అప్పుడు తెరిచాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ముప్పై ఒకటో తారీఖు, అద్దం తలుపు, రెండో కన్ను, అన్నీ. బయట వరండాలోవాళ్లు కూడా తలుపు దగ్గరికి వచ్చారు. చివరికి, "సారూ, నన్ను ఎవరూ పెట్టుకోవద్దు. నేను సామాను కాదు" అన్నాను. గొంతు పోయింది. గుమాస్తా నీళ్లిచ్చాడు.

రాజీ రాశారు. మందమర్రిలో కిష్టవ్వ పక్కన ఒక గది నాకు. నౌకరి తీసుకున్నందుకు విజయేందర్ నెలకు ఐదు వేలు, పరశురాములు మూడు వేలు, ఐదో తారీఖులోపు నా బ్యాంకు ఖాతాలో. ఆపరేషన్ సర్కారు దవాఖానలోనే, నా ఇష్టం. రమ లేచి, "పైసలు నా దగ్గర లెవ్వు సార్. ఆపరేషన్ అయినంక నెల రోజులు వచ్చి ఉంట, చుక్కల మందు నేనేస్త" అంది. ఆ పని ఎంతకు సమానమో ఎవరూ లెక్క కట్టలేదు. నాకు మాత్రం అక్కడే ఏడుపొచ్చింది.

దీక్ష సంగతి రాయనక్కర్లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం. (రమ రాస్తున్నది, అవ్వ చెప్తుంటే.)

ఆపరేషన్ అయింది. పైస ఖర్చు లేదు. తల వంచొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, తలంటుకోవద్దు. రోజుకు ఆరుసార్లు చుక్కలు. మాట్లాడొద్దని డాక్టర్ చెప్పలేదు, కాబట్టి అవ్వ ఆపలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం. మందమర్రి.

నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఎంత నల్లగా ఉన్నాయో. డబ్బులు ఇద్దరివీ పడ్డాయి, చిన్నోడివి మూడు రోజులు ఆలస్యంగా.

ఇద్దరూ కలిసి వచ్చారు. ఒకే బండి మీద. పళ్లు తెచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి, "కాలనీల అందరు అడుగుతుండ్రు అవ్వా. ఇంటికి పోదాం పా" అన్నాడు పెద్దోడు. "వంతులు వద్దు, ఒక్క కాడనే ఉండు" అన్నాడు చిన్నోడు. ఎవరి ఇంట్లో అని మళ్లీ ఇద్దరికీ మాట పెరిగింది. నేను వెళ్తే ఎనిమిది వేలు ఆగిపోతాయని ముగ్గురికీ తెలుసు.

వాళ్లను ఇన్నాళ్లకు స్పష్టంగా చూశాను. పెద్దోడికి జుట్టు నెరిసింది. చిన్నోడి చొక్కాకు గుండీ లేదు. ఏం తిని వచ్చారో. నాకు పోవాలనిపించింది. నా కొడుకులు.

"ఏమంటవు అవ్వా? నువ్వే చెప్పు" అన్నాడు పెద్దోడు. నన్ను అడగడం ఇదే మొదటిసారి.

నిర్ణయం: ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. కొడుకుల ముందు నోరు తెరవను. తెరిస్తే వస్తాననే అంటాను.

గంటసేపు అడిగారు. నేను పెదవి కదపలేదు. చివరికి టీ తాగి బండి ఎక్కారు. రమ నా కంట్లో చుక్కలు వేస్తూ, "ఊకె ఏడ్వకే అవ్వా, మందంత కారిపోతుంది" అంది.