లేని వాచీ

అక్కకి నమస్కారం. ఇక్కడ అందరం కులాసా.

నువ్వు రాసి పంపిన ఉపన్యాసంతో మా చిన్నదానికి బళ్లో మొదటి బహుమతి వచ్చింది. అయినా నేను తలెత్తుకోలేకపోతున్నాను. ప్రతి వాక్యం "నేను మీ వీధి కుళాయిని" అని మొదలుపెట్టావు గనుక దానికి ఇట్టే నోటికి వచ్చేసింది. వాక్యానికో అభినయం నేర్పాను. దాహం అన్నచోట దోసిలి పడుతుంది, నీళ్లు పోతున్నాయన్నచోట నేలకేసి చూస్తుంది. "నన్ను కట్టేయమని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నచోట మాత్రం కోపం రాలేదు. "ఇంట్లో కోపం వస్తే ఎలా ఉంటారో అలా చెయ్యమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

వేదిక మీద ఆ మాట దగ్గర ఆగింది. ఎడమ చేతికి లేని వాచీని మెల్లగా విప్పి, మైకు పక్కనున్న బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. హాలంతా ఒకటే చప్పట్లు. నీ మరదలు తల దించుకుంది. పిల్ల మీద చెయ్యి చేసుకునే ముందు నేను చేసేది అదేనని దానికి తెలుసు. "అభినయం ఎవరు నేర్పారమ్మా?" అని బహుమతి ఇచ్చినావిడ అడిగితే చిన్నది నన్ను చూపించింది, ఎంతో గర్వంగా.

పై పోటీకి ఇంకో ఉపన్యాసం పంపు. అందులో కోపం ఎక్కడా పెట్టకు. కార్డు గనుక పోస్టుమాన్ కూడా చదువుతాడు, చదవనీ. బావగారి నడుం నొప్పి తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

నిన్న స్నానానికని వాచీ తీస్తుంటే, బహుమతిగా వచ్చిన కప్పు తుడుచుకుంటున్న చిన్నది దాన్ని వదిలేసి గోడకు అతుక్కుపోయింది.

నీ తమ్ముడు