చేతికుట్టు కోటు

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

మీ పెళ్లిరోజు దాటకముందే ఈ పార్సిల్ చేరాలని దేవుడికీ పోస్టాఫీసుకీ కలిపి దండం పెట్టాను. కోటు ఒక భుజం తిరగేసి, రెండో భుజం అందులోకి దూర్చి, మడతల మధ్య పల్చటి కాగితం పెట్టి సర్దాను. మీరు నేర్పినట్టే, నాన్నా. కస్టమ్స్ వాళ్లు విప్పి చూసి, తిరిగి చేతికొచ్చినట్టు కుక్కి ఉంటే ఆ ముడతలకి నా పూచీ లేదు. పైన అంటించిన కాగితం మీద ‘కోటు ఒకటి, గొడుగు ఒకటి, బహుమతి’ అని రాశాను. ఈ ఉత్తరం మాత్రం కోటు లోపలి జేబులో పెట్టాను. మీరు కొత్త కోటు చూస్తే ముందు జేబుల్లోనే చెయ్యి పెడతారు కదా.

గొడుగు అమ్మకి. కోటు మీకు. కోటు నా చేతుల్తో కుట్టింది నాన్నా. నేను కుట్టే మొదటి కోటు మీకే పంపిస్తానని బయల్దేరేటప్పుడు మాటిచ్చాను. ఇదిగో, పంపాను.

మీ ఇద్దరూ ఇలాగే పోట్లాడుకుంటూ నిండు నూరేళ్లు ఉండాలి.

మీ
బొత్తాం

తా.క. చిన్నప్పుడు ఒక్కసారి బొత్తాం మింగాను. ఆ పేరు ఇక్కడికి కూడా ఎలా పాకిందో తెలీదు. మా కోట్ల షాపు మేస్టారు కూడా నన్ను అలాగే పిలుస్తున్నారు.

*

చిరంజీవి బొత్తాంకి నాన్న ఆశీర్వదించి రాయించేది.

చేతిరాత అమ్మదేంటని కంగారుపడకు. నాకు మణికట్టు పట్టేసింది. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. విషయం నాది, తప్పులు తనవి.

పార్సిల్ పెళ్లిరోజు పొద్దున్నే వచ్చింది. గొడుగు బయటికి రాగానే మీ అమ్మ గది మధ్యలోనే విప్పి, దీపం బుడ్డి పగలగొట్టింది. నేను కోటు తొడుక్కున్నాను. సరిగ్గా సరిపోయింది. జేబులోంచి ఉత్తరం తీసిస్తే అమ్మ పైకి చదివింది. ‘నా చేతుల్తో కుట్టింది’ అన్నచోట ఆపి, మళ్లీ చదవమన్నాను. ఇంకోసారి చదవమన్నాను. మూడోసారి విసుక్కుంది.

ఇప్పుడు పని మాట. కోటు ముందు భాగంలో, గుడ్డకి కాన్వాసు పట్టి ఉండటానికి లోపలివైపు ఏటవాలు కుట్లు వేస్తాం కదా, ఛాతీ మీద మడత తిరిగే చోట. అవి ఎన్ని వరసలు వేశావు? ఏ దారం వాడావు? కాజాలు ముందు కోసి తర్వాత కుట్టావా, లేక మెషీన్‌లాగా ముందు కుట్టి తర్వాత కోశావా? అంచు చాలా సన్నగా వచ్చినట్టుంది. వివరంగా రాయి. నేను నేర్చుకోవాలి.

మీ
నాన్న

తా.క. ఇది అమ్మ రాస్తోంది. ఆయన మంచినీళ్లకి లేచారు. గొడుగు చాలా బాగుంది. దాన్ని కూడా నువ్వే కుట్టానని రాయనందుకు సంతోషం.

*

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

మీ మణికట్టు ఎలా ఉంది? వేడినీళ్ల కాపడం పెడుతున్నారా?

నాన్నా, మీ ప్రశ్నలు చదువుతుంటే చెవులు కాలిపోయాయి. పరీక్షలో పక్కవాడి పేపరు చూస్తూ దొరికిపోయినట్టు అనిపించింది. ‘నేను నేర్చుకోవాలి’ అని మీరు రాయించారు. మీరు, నా దగ్గర. సరే, అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఏడు వరసలు వేశాను. పట్టుదారం. కాజాలు ముందు కోసి, అంచుకి మైనం రాసిన దారం పెట్టి, దాని మీంచి ముడి కుట్టు వేసుకుంటూ వచ్చాను. ఛాతీ దగ్గర గుడ్డని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి కాస్త నలిపి చూడండి. పైగుడ్డ వేరుగా, లోపలి కాన్వాసు వేరుగా జారడం తెలుస్తుంది. చేతికుట్టుకి అదే గుర్తని మీరే చెప్పేవారు.

ఇక్కడ అందరూ నా పని మెచ్చుకుంటున్నారు.

మీ
బొత్తాం

తా.క. అమ్మా, గొడుగు సంగతిలో నీ ఉద్దేశం ఏంటి? నాన్నకి నా మీద కోపమా? నీకు తెలిస్తే వేరే కాగితం మీద రాసి, ఆయన చూడకుండా పోస్టు చెయ్యి.

*

చిరంజీవి బొత్తాంకి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అమ్మ చదివి వినిపించింది. నువ్వు చెప్పినట్టే బొటనవేలూ చూపుడువేలూ పెట్టి నలిపి చూశాను. చాలాసేపు చూశాను. సరే.

కోటుని షాపు ముందు అద్దంలోంచి కనబడేలా వేలాడదీశాను. కింద ‘మా అబ్బాయి చేతికుట్టు’ అని అట్ట మీద రాయించి పెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. బ్యాండు మేస్టారు తన బాకావాడినీ డప్పువాడినీ వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. వాళ్ల బ్యాండు మొత్తానికీ ఇలాంటి కోట్లే కావాలట. బాకా ఊదేటప్పుడు చంకల్లో పట్టెయ్యకుండా ఉండాలట.

నేను ఒప్పుకోలేదు. కటింగు మానేశానని చెప్పాను. ఇంత పని తెలిసిన కొడుకు ఉన్నాక నేనింకా గుడ్డ పాడుచెయ్యడం దేనికి? పెద్ద కత్తెరకి నూనె రాసి, పాత అస్తరు గుడ్డలో చుట్టి, నీ కోసం బీరువాలో పెట్టాను. నువ్వొచ్చాక వాడుకో. అంతవరకూ ప్యాంట్ల అంచులు మడుస్తూ కాలక్షేపం చేస్తాను.

మీ
నాన్న

తా.క. నేనే, అమ్మని. ఆయన అటు వెళ్లారు. వేరే కాగితం దేనికిరా, కలం నా చేతిలోనే ఉందిగా. నిన్ను ఆటపట్టిస్తున్నారని నేనూ ముసిముసిగా నవ్వుకుంటూ కూర్చున్నాను. పార్సిల్ విప్పిన రోజే మెడ వెనకాల కంపెనీ పట్టీ కోసేసిన పోగులు చూశాను. నాకు కనబడ్డవి నలభయ్యేళ్ల దర్జీకి కనబడవా? కానీ ఆటపట్టించడానికి ఎవరైనా వచ్చిన బేరం వదులుకుంటారా? బ్యాండు మేస్టారు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లాడు. డప్పువాడైతే ఇంకా నాకు కనబడ్డప్పుడల్లా తల తిప్పుకుంటున్నాడు. నువ్వు తొందరగా ఒప్పేసుకో నాయనా, మాకు బేరం దక్కుతుంది.

*

నాన్నకి,

నమస్కారం పెట్టడానికి కూడా మొహం చెల్లట్లేదు.

ఇక చాలు నాన్నా. మీరు గెలిచారు. కత్తెర గుడ్డలో చుట్టి పెట్టానన్న ముక్క దగ్గర నాకు అన్నం సయించలేదు. అంత శిక్ష వెయ్యకండి. ఆ కోటు నేను కుట్టలేదు. మా షాపులోదే, ఫ్యాక్టరీలో తయారైంది. ఒక జేబు మూత కాస్త వంకర వచ్చిందని పనివాళ్లకి తక్కువకి ఇచ్చేస్తుంటే తీసుకున్నాను. దానికి కాన్వాసు కుట్లు లేవు. జిగురు పూసిన అస్తరుని వేడితో అంటించేశారు. కాజాలు మెషీన్‌వి. పట్టీ నేనే బ్లేడుతో కోశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నన్ను ఇక్కడ కటింగు బల్ల దగ్గరికి రానివ్వలేదు. వచ్చిన దగ్గర్నుంచీ ఇస్త్రీ బల్ల దగ్గరే ఉన్నాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆవిరిలో ఎవరో కుట్టిన కోట్లు సాపుచేస్తుంటాను. ఫలానా దర్జీ గారబ్బాయి విదేశంలో కోట్లు కుడుతున్నాడని మీరు నలుగురికీ చెప్పుకుంటుంటే, ఇస్త్రీ చేస్తున్నానని ఎలా రాయను? మొదటి ఉత్తరంలో ‘నా చేతుల్తో’ అన్న మాట రాసేటప్పుడే కలం ఆగింది. అయినా రాశాను. మీరు పట్టుకుని ఒక్క తిట్టు తిడతారు, దాంతో తేలిపోతుందనుకున్నాను. మీరు తిట్టకుండా ప్రశ్నలు అడిగారు. భయపడి ఇంకా అబద్ధాలాడాను.

ఆ కోటులో నాది ఒక్క ఇస్త్రీయే నాన్నా. పంపేముందు భుజాలు మళ్లీ తడిపి, దిండు మీద పెట్టి, ఆవిరితో గుండ్రంగా తిప్పాను. అంతే నాది.

ఆ అట్ట తీసెయ్యండి. బ్యాండు మేస్టారిని పిలవండి. దయచేసి కత్తెర బయటికి తియ్యండి.

బొత్తాం

తా.క. అమ్మా, ఇది నాన్నకి మొత్తం చదువు. సగంలో జాలిపడి వదిలెయ్యకు.

*

ఒరే బొత్తాం,

మొత్తం చదివింది. మీ అమ్మ ఎప్పుడు వదిలింది గనక.

నేను నిన్ను ఆటపట్టించలేదురా. నాకు కనబడక అడిగాను.

ఏడాదిగా కళ్ల ముందు పొగమంచు పట్టినట్టు ఉంటోంది. మణికట్టుకి ఏమీ కాలేదు. రాస్తే లైను మీద లైను పడుతోందని మీ అమ్మ చేత రాయిస్తున్నాను. కళ్ల డాక్టరు గుమ్మంలో దర్జీ కనబడితే ఇక షాపుకి ఎవడొస్తాడని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. గుడ్డ గీతని గోటితో తడుముకుంటూ, సుద్ద గీతని బట్టి కాక చేతి వాటాన్ని బట్టి కోసుకుంటూ నెట్టుకొచ్చాను. కళ్లు పోతే పోయాయి, వేళ్లున్నాయి కదా అని ధైర్యం.

నీ కోటు వచ్చిన రోజు ఛాతీ మీద చెయ్యి పెట్టాను. వేళ్లకి జిగురే తగిలింది. అట్టలా బిగుసుకుని ఉంది. కానీ నువ్వు చేత్తో కుట్టానని రాశావు. అందుకే వరసలు ఎన్నని అడిగాను, ఎక్కడైనా తడిమి దొరకబుచ్చుకుందామని. ఏడు వరసలన్నావు, నలిపి చూడమన్నావు. నలిపాను. లోపల ఏమీ జారలేదు. నా కొడుకు అబద్ధమాడాడని నాకు తట్టనే లేదురా. నా వేళ్లు కూడా పోయాయనుకున్నాను. అందుకే కత్తెర చుట్టి పెట్టేశాను.

ఆ కోటులో నా వేళ్లకి అర్థమైంది ఒక్కటే, భుజాలు. కుట్టు దగ్గర చిన్న ముడత కూడా లేకుండా, చెయ్యి పెడితే మనిషి భుజంలాగే తిరిగాయి. ఇంత ఇస్త్రీ మన వీధిలో ఎవడికీ రాదు, నాతో సహా, అని ఆ రోజే మీ అమ్మతో అన్నాను. ఆ ముక్క ఉత్తరంలో రాయించలేదు. కుట్టినవాణ్ణి ఇస్త్రీ గురించి మెచ్చుకుంటే చిన్నబుచ్చుకుంటావేమోనని ఆగాను.

నువ్వు సిగ్గుపడ్డావు, నేనూ సిగ్గుపడ్డాను. ఇద్దరం కలిసి షాపు మూయించేవాళ్లం. నీ ఉత్తరం విన్నాక లేచి బీరువా తీశాను. నూనె మరీ ఎక్కువ రాసినట్టున్నాను, కత్తెర చేతిలోంచి జారుతోంది.

నాన్న

తా.క. అమ్మని. ఏడాదిగా మీ నాన్న ‘నువ్వు చదివితే వాడే మాట్లాడినట్టుంటుందే’ అంటుంటే, ఈ వయసులో ఎంత ప్రేమ అని మురిసిపోయాను. నాకూ సిగ్గేస్తోంది. ఆయన కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. శుక్లాలట, తీసేస్తే కనబడుతుందట. ఒక కంటికి ఆపరేషన్ రోజు కూడా రాసిచ్చారు. బ్యాండు మేస్టారు ఆ కన్ను బాగయ్యేదాకా ఆగుతానన్నాడు. డప్పువాడు ఆగడట, కానీ వాడి కోటు చిన్నదే, తడుముకుంటూనైనా కుట్టేస్తారట.

కట్టు విప్పగానే ముందు ఆ కోటునే చూస్తానంటున్నారు మీ నాన్న. ఈలోగా ఏదో ఒక గుడ్డముక్క మీద, వంకరగానైనా సరే, నీ చేత్తో ఒక్క కాజా కుట్టి పంపు. అద్దంలో అట్ట తియ్యలేదు. ‘కుట్టు’ కొట్టేసి ‘ఇస్త్రీ’ అని నేనే రాశాను.