వరండాలో నమస్తే, మీటింగులో నమస్తే

ఆదిలాబాద్,
మంగళవారం.

చిరంజీవి శ్రీహరికి బాపు రాసేది. ఇక్కడ నేను, మీ అవ్వ పానాలతో ఉన్నాం. నీవు కరీంనగర్‌లో తిండికి, నిద్రకు లోటు లేకుండా ఉన్నావని అనుకుంటున్నాను. మీ అవ్వ మోకాలి నొప్పి అట్లనే ఉంది. పత్తి చేలు ఈసారి వానకు నేల మీద పండుకున్నాయి. ఇంక వేరే ముచ్చట లేదు.

నేను ఉత్తరాలు రాసేవాడిని కాదని నీకు తెలుసు. ఏడో తరగతి చదువు. ఫోన్ చేస్తే "ఆఁ, ఏంది" అని పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వు పంపిన ఉత్తరం, దానికి కుట్టిన మెమో జిరాక్స్, రెండూ చదివాను. ఉత్తరంలో నా క్షేమం ఒక్క ముక్క కూడా అడగలేదు. సరే. అడిగినవాటికి చెప్తాను.

మొదటిది. నువ్వు పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లు ఎత్తే క్రేన్ ఇనుప తాడు పోగులు తెగుతున్నాయని మీ మేనేజర్‌కు వరండాలో చెప్పానన్నావు. ఆయన నవ్వి, "అయితది తీ తమ్మీ, నేను చూసుకుంట గదా" అని వీపు తట్టాడన్నావు. పది దినాల తర్వాత సేఫ్టీ మీటింగులో, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద సార్ల ముందర, నువ్వు తలుపు తెరుస్తూనే "నమస్తే అన్నా! తాడు ముచ్చట ఏమాయె?" అన్నావు. ఆయన ముఖం నల్లగా చేసి, "ఎవనికిరా అన్నా? గిది మీ ఇంటి అరుగనుకున్నవా?" అన్నాడు. తెల్లారి మెమో. పదిహేను దినాల్లో జవాబు రాయకుంటే పని బంద్ అని.

"ఒక్కడే మనిషి, రెండు తీర్ల గొంతు ఎట్ల? నీకైతే తెలుస్తది, ముప్పై ఏండ్లు మేనేజర్ల చెప్పులు మోసినవ్" అని రాశావు.

ఆ మాట మీ అవ్వకు చదివి వినిపించలేదు. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి నా పరువు దక్కింది. చెప్పులు మోసినవాడి అన్నం తినే నువ్వు ఐటీఐ చదివావు. అది కూడా రాసుకో.

ఇక జవాబు విను. వరండా అంటే నడిచే జాగ. ఆయన నడుస్తుంటాడు, నువ్వు నడుస్తుంటావు. గోడకు జరగాలి, చేతిలో ఉన్నది కిందికి దించాలి, మెల్లగా నమస్తే అనాలి, ఆయన్ను ఆపొద్దు. ఆగితే ఆయనే ఆగాలి. ఆగి "పిల్లలెట్లున్నరు" అంటాడు. నువ్వు "అన్నా" అన్నా నడుస్తుంది, ఆయన "తమ్మీ" అన్నా నడుస్తుంది. ఎందుకు? వినేవాడు లేడు, రాసేవాడు లేడు. నవ్వితే ఆయన సొమ్మేం పోదు. అక్కడ అన్న మాట ఆయన బూట్లతోటే ముందుకు పోతుంది.

మీటింగు కూర్చునే జాగ. అక్కడ ఆయన మీద ఇంకొకడు ఉంటాడు. పక్కన క్లర్కు రిజిస్టరు తెరిచి రాస్తుంటాడు. నువ్వు అడిగింది ఆయన్ను పెద్ద సార్ల ముందర నిలదీసినట్టు. ఆయన చెప్పింది ఆయన మెడకు పడినట్టు. అందుకే గొంతు మారుతుంది. అక్కడ నమస్తే మొదట పెద్ద కుర్చీకి పోవాలి, తర్వాత మీ మేనేజర్‌కు. ఆలస్యంగా పోతే నోటితో నమస్తే వద్దు, తల వంచి కూర్చోవాలి. సార్ తప్ప వేరే వరస లేదు.

నువ్వు అన్నా అంటే ఏమైంది? పెద్ద సార్లకు, మీ మేనేజర్ పనివాళ్లను నెత్తికెక్కించుకున్నట్టు కనబడింది. నీ తోటి పనివాళ్లకు, నువ్వు మేనేజర్ మనిషివని కనబడింది. ఆయన మాత్రం, వీడు నా మనిషి కాదని అందరికీ చూపించాలి. చూపించాడు. నువ్వు ప్రేమగా అన్నావో, పొగరుగా అన్నావో ఎవరికీ అక్కరలేదు. నాకైతే పొగరే అనిపిస్తుంది. నీకు అది మీ అవ్వ తరపు నుంచి వచ్చింది.

ఈ మాట రాస్తుంటే మీ అవ్వ తొంగి చూసి, "ఏం రాస్తున్నవ్, గంత సేపు? మనిషితోని మాట్లాడరాదు గని కాగితంతోని బాగనే మాట్లాడుతున్నవ్" అన్నది. ఆమె అన్నది నిజమే.

రెండోది. మీ మేనమామ హనుమంతు సంగతి. "ఆ దినం ఏమైందో నీకు తెల్వదా? నిజంగ తెల్వదా?" అని రెండుసార్లు గీత గీసి రాశావు. నాలుగేండ్లుగా ఇదే అడుగుతున్నావు. ఇదే అడిగి ఇల్లు విడిచి పోయావు. నేను ప్రతిసారి "తెల్వదు" అన్నాను.

తెలుసు.

మా దారం మిల్లులో పత్తిని దువ్వే మిషిన్లకు నేను జాబర్‌ను. అంటే మిషిన్లు చూసుకునే మేస్త్రి. హనుమంతు నా కిందే పనిచేసేవాడు. ఆ మిషిన్ తలుపు తెరిస్తే లోపల తిరిగే పళ్ల ఇనుప రోలు దానంతట అదే ఆగాలి. దానికొక స్విచ్ ఉంటుంది. ఏడో నంబరు మిషిన్ స్విచ్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా మిషిన్ ఆపొద్దని, కరెంటు మనిషితో తీగ కట్టించి నడిపించారు. అప్పటి నుంచి తలుపు తెరిచినా రోలు తిరిగేది.

నేను సేఫ్టీ కమిటీలో పనివాళ్ల తరపు మెంబరును. ఎందుకు పెట్టారో తెలుసా? నోరు తెరవడని. అయినా చెప్పాను. వరండాలో మా మేనేజర్ ఎదురైతే, గోడకు జరిగి, "నమస్తే సార్, ఏడో నంబర్ల తీగ కట్టిండ్రు సార్, ఎవనిదన్న చెయ్యి పోతది" అన్నాను. ఆయన ఆగాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "లింగన్నా, నీ ఫికర్ నాకు తెల్వదా? వారంల కొత్త స్విచ్ పెట్టిస్త. మీటింగ్‌ల మాత్రం ఎత్తకు, ఓనర్ ముందర నా ఇజ్జత్ పోతది" అన్నాడు.

లింగన్నా అన్నాడు. నా పుట్టుకలో ఏ పెద్దమనిషీ నన్ను అట్లా పిలవలేదు.

మన దగ్గర ఒక రివాజు ఉంది. ఒకడు చాటుగా మాట ఇచ్చిన తర్వాత అదే మాట నలుగురిలో అడిగితే, వాడి మాట మీద నమ్మకం లేదని ముఖం మీద చెప్పినట్టు. మా బాపు నాకు నేర్పింది అదే. మీటింగు అయింది. "ఎవరికన్న చెప్పేదున్నదా?" అని అడిగారు. ఆయన నా వైపు చూడలేదు. నేను బల్ల మీద గీతలు చూసుకుంటూ కూర్చున్నాను. క్లర్కు "ఫిర్యాదులు లేవు" అని రాశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను.

తొమ్మిది దినాలకు హనుమంతు కుడి చెయ్యి పోయింది. చిక్కిన పత్తి తీయడానికి తలుపు తెరిచాడు. తీగ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, రోలు ఆగిందనుకున్నాడు.

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అదే మీటింగు గది. మా మేనేజర్ కుర్చీలోంచి సగం లేచి, "రండి లింగమూర్తి గారూ, కూర్చోండి" అన్నాడు. గారూ అన్నాడు. ఆ ఒక్క మాటతో వరండా అంతా గోడ కట్టి మూసినట్టయింది. "తీగ సంగతి ముందే తెలుసా? మేనేజర్‌కు చెప్పినరా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"తెల్వదు సార్" అన్నాను.

జాబర్‌కే తెలియకుంటే తీగ ఎవరు కట్టినట్టు? హనుమంతే కట్టుకున్నాడని రాశారు. కరెంటు మనిషి ఇన్‌స్పెక్టర్ రావడానికి ముందు దినమే మానేసి పోయాడు, వాడిని ఎవరూ వెతకలేదు. చెయ్యీ పోయింది, కొలువూ పోయింది, తప్పు కూడా వాడిదే అయింది.

తెల్లారి వరండాలో మా మేనేజర్ ఎదురైతే నమస్తే పెట్టాను. ఆయన ఫోను చూసుకుంటూ పోయాడు. రిటైరయ్యేదాకా పెడుతూనే ఉన్నాను. ఇల్లు విడిచి పోయిననాడు నువ్వు నన్ను గులాం అన్నది ఇందుకైతే, సరిగ్గానే అన్నావు.

హనుమంతు ఇప్పటికీ పొద్దున్నే చాయ్ బండి దగ్గర ఎడమ చేతితో గ్లాసు పట్టుకుని, "రాం రాం బావా, ఎండ గట్టిగున్నది గదా" అంటాడు. నేను "అవ్ హనుమంతూ" అంటాను. వరండాలో నవ్వినట్టే నవ్వుతాను. వాడికి నా మీద అనుమానం లేదు. అనుమానం ఉంటే నాకు జర సులువయ్యేది.

నిన్న హనుమంతు సంగతి రాసిందంతా మీ అవ్వకు చదివాను. ఆమె చేతిలో చాట ఉండె. చాట కింద పెట్టి, "గా చెయ్యి నన్ను జాతరకు తీస్కపోయిన చెయ్యి" అన్నది. "నాలుగేండ్లు నాతోని ఒక్క కంచంల తిన్నవు" అన్నది. ఆమె రాత్రి తినలేదు, ఇయ్యాల కూడా నాతో మాట్లాడుత లేదు. పొయ్యి మాత్రం ముట్టించింది. నాకు ఒక్కడికే వండింది.

నీ మెమోకు జవాబు ఇట్లా రాయి. అన్నా అని పిలిచినందుకు, తలుపు దగ్గరే అడిగినందుకు తప్పు ఒప్పుకో. తాడు సంగతికి మాత్రం తప్పు ఒప్పుకోకు. ఏ తేదీన వరండాలో చెప్పావో, ఏ క్రేనో, ఎన్ని పోగులు తెగాయో రాయి. దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకో. వచ్చే మీటింగుకు ముందు దినం వరండాలోనే, "సార్, రేపు తాడు సంగతి మాట్లాడుత" అని చెప్పు. ముందే చెప్తే ఆయనకు ముఖం దాచుకునే పని ఉండదు. మీటింగులో లేచి, సార్ అని, మెల్లగా, తేదీతో చెప్పు. క్లర్కు రాసింది పైకి చదవమను. విన్నాకే సంతకం. వీపు తడితే తట్టించుకో, అది నేరం కాదు. తట్టుడును మాత్రం జవాబు అనుకోకు.

ఇంకొకటి. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇక్కడ కార్మిక సంఘం ఆఫీసులో మీటింగు ఉంది. హనుమంతును రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. చాయ్ బండి దగ్గర చెప్పొచ్చు. చెప్తే వాడు "పోనీ తీ బావా" అంటాడు, నాకు తెలుసు. అది అట్లా చాటుగా పోవద్దు. కుర్చీలో కూర్చున్నవాళ్ల ముందర, సెక్రటరీ రాస్తుంటే, మా మేనేజర్‌కు నేను చెప్పాననీ, ఇన్‌స్పెక్టర్ ముందర అబద్ధమాడాననీ చెప్తాను. ఆ కాగితం మళ్లీ లేబర్ ఆఫీసుకు పోతుంది. నా మీద ఏ కేసు పెడితే పెట్టనీ.

నా గొంతు చిన్నది. నేను ఒకటి చెప్తే వాళ్లు ఇంకొకటి రాస్తారని భయం. నువ్వు రా. నాకు నమస్తే పెట్టకు, బాపూ అని పిలవకు. వచ్చి సెక్రటరీ పక్కన కూర్చో. నేను చెప్పింది చెప్పినట్టు రాశాడో లేదో పైకి చదువు. హనుమంతుకు వినబడేటట్టు చదువు.

ఇట్లు,
నీకు బాపు అయ్యేవాడు,
లింగమూర్తి.