సత్యవతిగారికి ఇచ్చిన కాగితం

తాడేపల్లిగూడెం, జూన్, శనివారం రాత్రి

బాబుని చూసుకునే సత్యవతిగారు రేపటి నుంచి రారు. బాబు సోమవారం నుంచి బడికెళ్తాడు. నెల ముందే చెప్పాను. అప్పుడు ఆవిడ ఒక్కటే అడిగారు. "ఇంకో ఇంట్లో చూపించుకోడానికి కాగితం రాసివ్వండమ్మా. ఎందుకు మానేశానో కూడా రాయండి. లేకపోతే ఏదో తప్పు చేస్తే తీసేశారనుకుంటారు."

ఇవాళ రాశాను. బాబుని మూడో నెల నుంచీ ఆవిడే పెంచారని, జ్వరమొస్తే నన్నడగకుండా మందు వేసేవారు కాదని, ఏడిస్తే ఫోన్ చేతికిచ్చి ఊరుకోబెట్టలేదని. బడికి వెళ్తున్నాడు కాబట్టే మానిపిస్తున్నామని, ఆవిడలో ఏ లోపమూ లేదని, అనుమానముంటే నాకు ఫోన్ చేయమని నంబరు కూడా వేశాను.

అత్తయ్యగారు చదివి, "ఆయాకి గారు ఏవిటమ్మా? కొట్టేసి మళ్ళీ రాయి" అన్నారు.

"అలాగే ఉంటుందండీ" అన్నాను. ఈయన టీవీ వైపు తిరిగిపోయారు.

సాయంత్రం గుమ్మంలో అందరి ముందూ చదివి వినిపించాను. ఒక్క మాటా మింగలేదు. సత్యవతిగారు కళ్ళొత్తుకుని, "ఆకివీడు మా అమ్మాయి దగ్గరికి పోతున్నానండీ. వెళ్ళేలోపు ఓ రోజొచ్చి బాబుని చూసి పోవచ్చాండీ?" అన్నారు.

అత్తయ్యగారు నోరు తెరిచేలోపే, "రండి. భోజనానికే రండి" అన్నాను.

అత్తయ్యగారు రాత్రి అన్నం ముట్టలేదు. రేపు గొడవవుతుంది. అవనీ. సత్యవతిగారు వచ్చిన రోజు, ఇన్నాళ్ళలా వంటింటి గడప దగ్గర కాదు, మా బల్ల దగ్గరే, నా పక్కన కూర్చోబెట్టి వడ్డిస్తాను.