నేను దాటిన టోల్ గేటు

శివపార్వతికి,

నేనూ బండీ క్షేమం. ఫోన్‌లో చెబితే మధ్యలోనే ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

మంగళవారం సాయంత్రం ఆరింటికి మిర్చి లోడుతో ఢిల్లీకి ముందున్న పల్వల్ దగ్గర ఆగాను. రాత్రి పదకొండు దాకా ఢిల్లీలోకి లారీలను వదలరు. ఆ ఐదు గంటలూ పడుకోవాల్సింది. అలవాటు కొద్దీ రెండు గ్లాసుల కడక్ చాయ్, పైన ఒక ఎనర్జీ డ్రింకు డబ్బా తాగాను. గుండె దడదడలాడి కన్ను మూతపడలేదు. ఢిల్లీలో సరుకు దింపి, మూడింటికి ఇంకో డబ్బా తాగి తిరుగు లోడు కోసం సోనీపత్ వైపు బయల్దేరాను. మెలకువగానే ఉన్నాననుకున్నాను. డీజిల్ బంకులో దిగి చూస్తే టోల్ గేటు ఎప్పుడో వెనకపడింది. అక్కడ బ్రేకు వేసినట్టు గానీ, ఆగినట్టు గానీ నాకు గుర్తే లేదు.

తిరిగి వస్తూ పల్వల్ ఢాబా బల్బీర్‌కి చెప్పాను. "డబ్బే సే నీంద్ జాతీ నహీ భాయ్, ఛుప్ జాతీ హై" అన్నాడు. డబ్బా తాగితే నిద్ర ఎక్కడికీ పోదట, లోపలే దాక్కుంటుందట.

అమ్మ కంటి చుక్కల మందు అయిపోయిందా? గ్యాస్ బుక్ చేశావా?

బండి ఫాస్టాగ్‌కి నీ నంబరే ఇచ్చాను కదా, ఆ గేటు ఎన్నింటికి దాటానో నీ ఫోన్‌కే తెలుసు. ఇకమీదట రాత్రి రెండు నుంచి ఐదు దాకా బండి పక్కన పెట్టి పడుకుంటాను. ఆ వేళలో టోల్ మెసేజ్ వచ్చిందంటే మాట తప్పానని అర్థం. వెంటనే ఫోన్ చేసి తిట్టు.

అమ్మకు దండాలు, పాపకు ముద్దులు. ఫోన్ తల దగ్గర పెట్టుకుని పడుకో.

మస్తాన్రావు