ఖాదర్ నాకు చెప్పని దీవెన

నిర్మల్, శుక్రవారం రాత్రి

నా దోస్తు ఖాదర్‌కు మనవడు పుట్టాడు! నేను రంగులేసిన కొయ్య చిలుకను పట్టుకొని పరుగున పోయాను.

"ముబారక్ హో ఖాదర్ భాయ్! తాతవైతివి గదనే! పిలగాడు సల్లగుండాలె!" అని కౌగిలించుకున్నాను.

"ఖైర్ ముబారక్" అని నా నోట్లో జిలేబీ పెట్టాడు. వచ్చిన వాళ్లందరికీ "మీ ఇంట్ల గూడ గిట్లనే తొట్టెలూగాలె" అంటున్నాడు. ఇన్నేళ్లూ వాళ్ల చుట్టాల్లో ఎవరి పురుడైనా నాకూ చెప్పిన మాటే. ఇవాళ నాకు మాత్రం చెప్పలేక తల దించుకున్నాడు. పెళ్లయిన మా బిడ్డ లక్ష్మికి ఇక పిల్లలు కారని దవాఖానలో డాక్టరమ్మ అన్నదని అతనికొక్కడికే చెప్పాను. లక్ష్మికి ఇంకా చెప్పలేదు.

ఇంటికి రాగానే అది ఎదురొచ్చింది. "చాచా మనల్నేమని దీవించిండు బాపూ?"

"మనింట్ల గూడ తొట్టెలూగాలన్నడు బిడ్డా."

ఎంత సంబరంగా నవ్విందో! దేవుడా, ఆ నవ్వును నేను ఎట్లా...