లిస్టులో లేని పేరు

1949 డిసెంబర్ 11

రాంచంద్రం, నా బుడ్డోడా, నువ్వు పోయాక ఇది రెండో చలికాలం. నీ నోటుబుక్కులో వెనుక పేజీలు ఖాళీగా ఉన్నాయి. నువ్వు నేర్పిన అక్షరాలే కదా, వాటితోనే రాస్తున్నాను. తప్పులు దిద్దడానికి నువ్వు లేవు.

నీ చెల్లె సక్కుబాయి పట్నంలో హాస్టల్లోనే ఉంది. నువ్వు చేర్పించిన హాస్టలే. మన వాడ నుంచి చదువుకు పోయిన ఆడపిల్ల అదొక్కతే. అక్కడ రెండు పూటలా అన్నం పెడతారట. ఇక్కడ మాకు జొన్న గట్కే.

జ్వరంతో నిన్ను లింగంపల్లి స్టేషన్‌కు మంచం మీద మోసుకుపోయిన రోజు రైలు రాలేదు. రజాకార్ల గొడవల్లో ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లే లేరు. ప్లాట్‌ఫాం మీదే నీ చెయ్యి చల్లబడింది. ఇంతకంటే రాయలేను.

1950 జనవరి 27

ఊరంతా నిన్న జెండా పండుగ చేసుకుంది. నల్లగండ్ల బడిలో పిల్లలకు బెల్లం పంచారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు. కొంగున కట్టుకొచ్చి గూట్లో పెట్టాను. ఎవరి కోసం పెట్టానో తెలియదు.

1950 నవంబర్ 19

సక్కును చూడటానికి పట్నం పోయాను. పోకుండా ఉన్నా బాగుండేది.

వార్డెన్ భూలక్ష్మి గారు కోస్తా నుంచి వచ్చినావిడ, మెత్తగా మాట్లాడుతుంది. చంద్రమ్మగారూ, మీరేం అనుకోకండి, మీ అమ్మాయి సీటుకి చిక్కొచ్చిందండి అంది. ఢిల్లీ నుంచి షెడ్యూల్డు కులాల లిస్టు వచ్చిందట. ఆ లిస్టులో పేరున్న కులాల పిల్లలకే ఇకమీద హాస్టలట. సక్కు పేరు ఎదురుగా రిజిస్టర్‌లో ఆది హిందూ అని ఉంది. హైదరాబాద్ స్టేట్ లిస్టులో ఆ మాట లేదట. లిస్టులో ఉన్న పేరుతో తహసీల్ కచేరి నుంచి సర్టిఫికెట్ తెస్తేనే సీటు నిలుస్తుందట. ఫిబ్రవరి దాటితే ఆవిడ చేతుల్లో కూడా ఉండదట.

ఆ మాట రాయించింది నువ్వే. అన్నగా సంతకం పెట్టిందీ నువ్వే.

సక్కు నా కొంగు పట్టుకుని, అమ్మా, నేను వాపస్ రావాల్నా అని అడిగింది. రానీయనే అన్నాను. ఎట్లా రానీయకుండా చేస్తానో నాకు తెలియదు.

1950 నవంబర్ 22

అప్పటికి నువ్వు పద్నాలుగేళ్లవాడివి. యుద్ధం నడుస్తున్న ఏడు, మర్దుంషుమారి అని జనం లెక్క రాసేవాళ్లు వస్తున్నారని తెలిసి వాడంతా తిరిగావు. రుక్కమ్మ ఇంట్లో, ఎల్లేశం ఇంట్లో, ఆ చివర సాయిలు ఇంట్లో ఒకటే మాట చెప్పావు. కులమేందని అడిగితే మాల అనకుండ్రి, ఆది హిందూ అనుండ్రి. ఆ పాత పేరు ఎవడో మనకు పెట్టింది, మనం పెట్టుకున్నది కాదు. ముక్కలు ముక్కలుగ చెప్తే చిన్న చిన్న లెక్కలైతం, అందరం ఒక్కటే పేరు చెప్తే మస్తు పెద్ద లెక్కయితం, అప్పుడు సర్కారు మన దిక్కు చూస్తది. అప్పటికింకా బతికున్న మీ నాయిన పోచయ్య నవ్వాడు. వీడు పెద్ద నాయకుడైండు అన్నాడు. కానీ లెక్కలాయన వచ్చినప్పుడు నువ్వు చెప్పిన మాటే చెప్పాడు.

ఇప్పుడు నేను కచేరికి పోయి ఆ పాత పేరే ఇమ్మని అడగాలా?

1950 డిసెంబర్ 6

పోలేదు.

1950 డిసెంబర్ 14

పోయాను. గుమాస్తా తలెత్తలేదు. ఏందే, ఏం కావాలె అన్నాడు. దొరా, ఆది హిందూ అని సర్టిఫికెట్ ఇయ్యుండ్రి బాంచెన్ అన్నాను. లిస్టు తీసి వేలితో పైనుంచి కిందికి చూశాడు. లేదన్నాడు. కలుపుండ్రి అన్నాను. అప్పుడు తలెత్తి చూసి నవ్వాడు. నేను కలుపుతనా, దాన్ని రాష్ట్రపతి ఇచ్చిండు, పార్లమెంట్ మార్చాలె అన్నాడు.

మరి మా మాట ఎవరు చెప్పాలె అని అడిగాను. జనం లెక్క వస్తుంది పో, అందులో చెప్పుకోండ్రి, ఎక్కువ మంది చెప్తే ఎవరన్న వింటరేమో అన్నాడు. నన్ను పంపించేయడానికే అన్నాడేమో. కానీ ఆ మాట నాకు అన్నంలా దొరికింది.

1951 జనవరి 3

వాడంతా తిరుగుతున్నాను. నువ్వు తిరిగినట్టే. లెక్కలాయన వస్తే ఆది హిందూ అని చెప్పుండ్రి, మనమంత చెప్తే లిస్టు మారుతది అంటున్నాను.

రుక్కమ్మ చేట పక్కన పెట్టి, ఓ చంద్రమ్మ, కొడుకు పని తల్లి పట్టుకున్నదా, ఇగ నీకు గాంధీ టోపీ ఒక్కటే తక్కువ అంది. కోపంతో కాదు. తర్వాత కళ్లు తుడుచుకుని, మా రాంచంద్రం చెప్పిన మాట కదనే, చెప్తం తియ్యి అంది.

అందరూ చెప్తామన్నారు. నీ పేరు తీసుకుంటే ఎవరూ కాదనలేదు.

1951 జనవరి 20

సక్కుకు నిద్ర పట్టడం లేదని పట్నం నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. నాకూ అంతే.

1951 ఫిబ్రవరి 15

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది.

లెక్క రాయడానికి నల్లగండ్ల బడి పంతులు లింగమూర్తి వచ్చాడు. చేతిలో చిన్న చిన్న స్లిప్పుల కట్ట. మనిషికొక స్లిప్పు అన్నాడు. నా ఇంట్లో నా పేరు మీద ఒకటి. సక్కును హాస్టల్లోనే రాస్తారట. పేరు, మతం, పెళ్లి, వయసు, పుట్టిన ఊరు, మాట్లాడే భాష, బతుకుదెరువు, చదువు, అన్నీ అడిగాడు. మతం హిందూ అన్నాను. కులం దగ్గర ఆది హిందూ అన్నాను.

పెన్ను ఆపాడు. ఇంకేదైనా పేరు చెప్పు చంద్రమ్మా అన్నాడు. చెప్పను అన్నాను. నా వెనుక వాడ మొత్తం నిలబడి ఉంది. మేమూ అదే చెప్తం అని ఎల్లేశం గట్టిగా అన్నాడు.

పంతులు స్లిప్పుల కట్ట పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. జర వినుండ్రి అన్నాడు. అతను చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ఇంగ్రేజీవాళ్లు పదేళ్లకోసారి లెక్క పెట్టేటప్పుడు ప్రతి మనిషి కులం రాసేవాళ్లట. ఒకసారి ఏ కులం ఎక్కువ, ఏ కులం తక్కువ అని వరుస కూడా పెట్టబోయారట. అప్పుడు అర్జీల మీద అర్జీలు పడ్డాయట, మమ్మల్ని పైన రాయండి, మాకు ఈ కొత్త పేరు రాయండి అని. ప్రతి లెక్కకూ పేర్లు పుట్టేవి, మారేవి, కలిసేవి. ఆది హిందూ కూడా అట్లా జనం అడిగితేనే వచ్చిందట. ముప్పై ఒకటిలో మన స్టేట్ లెక్కల పుస్తకంలో ఆ పేరు అచ్చయిందట. నువ్వు తిరిగిన నలభై ఒకటి లెక్క మాత్రం యుద్ధం ఖర్చుల వల్ల కుదించేశారట. కులాల పట్టికలు అంతకు ముందులా వేయలేదట.

నేను ఆగమన్నాను. మా బుడ్డోడు చెప్పించిన మాట లెక్కలో కూడలేదా అని అడిగాను. రాసి ఉంటారు కానీ ఎంతవరకు కూడారో నాకు తెలియదమ్మా అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు సర్కారు అందరి కులం అడగడం మానేసిందట. కులం లెక్క పెడుతూ ఉంటే కులమే బలపడుతుందని ఢిల్లీవాళ్లు అనుకున్నారట. కానీ రాజ్యాంగం సీట్లు, సాయం ఇస్తానన్నవాళ్లను లెక్క పెట్టకపోతే ఎన్ని ఇవ్వాలో తెలియదు. అందుకని షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడినవాళ్లు, ఆంగ్లో ఇండియన్లు, వీళ్లను మాత్రమే విడిగా అడుగుతారట. షెడ్యూల్డు వాళ్లకు లిస్టులో ఉన్న పేరే లెక్క. లిస్టులో లేని పేరు చెబితే ఆ మనిషి షెడ్యూల్డు లెక్కలోకి రాడట.

మరి ఈ వాడంత ఆది హిందూ అని చెప్తే అన్నాను.

మీ వాడ మొత్తం లెక్కలోంచి పోతుంది అన్నాడు. ఊళ్లో మనుషులుగా ఉంటారు. మీకు రావలసిన సీట్లు కట్టే లెక్కలో ఉండరు.

సాయిలు అడిగాడు, మాల అంటే మాలోళ్లను వేరే కూడుతరు, మాదిగ అంటే వేరే కూడుతరు, మళ్ల ముక్కలైనట్లే కద పంతులూ అని. కాదన్నాడు పంతులు. లిస్టులో ఏ పేరు చెప్పినా అన్నీ కలిపి ఒక్క మొత్తం వేస్తరు, షెడ్యూల్డు కులాలు అని. అసెంబ్లీల సీట్లు ఆ ఒక్క మొత్తం చూసే ఇస్తరు అన్నాడు.

ఒక్క మొత్తం.

బుడ్డోడా, నువ్వు అడిగింది అదే కదా. ఒక్క పెద్ద లెక్క. అది వచ్చింది. కానీ నువ్వు వద్దన్న పేరు గుమ్మంలోంచి వచ్చింది. నీ మాట పట్టుకుని కూర్చుంటే ఆ లెక్కలోంచి నీ వాళ్లనే నేను బయటికి తోసినదాన్నవుతాను. నీ మాట వదిలేస్తే నీది నా దగ్గర ఇంకేముంది?

పంతులు తొందర పెట్టలేదు. ఒకటి మాత్రం అన్నాడు. ఈ స్లిప్పులో ఏం రాసినా బయటికి చూపించరు, తహసీల్‌కు ఇవ్వరు, కోర్టుకు కూడా ఇవ్వరు, చట్టం ఉంది. నీ బిడ్డ సర్టిఫికెట్‌కు దీనితో సంబంధం లేదు, దానికి నువ్వు కచేరికి వేరే పోవాలె. ఇంతకాలం ఒకటే ద్వారం అనుకుని తల బాదుకున్నాను. రెండున్నాయి. రెండు చోట్లా ఆ పాత పేరే చెప్పాలి.

రాసుకో అన్నాను. మాల.

పంతులు రాశాడు. వెనుక రుక్కమ్మ ఏడుస్తోంది. నన్ను చూసి ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పారు.

పోయేముందు, మా కొడుకును కూడ రాయరాదా అని అడిగాను. మార్చి ఒకటో తారీఖు పొద్దుపొడుపుకు బతికున్నవాళ్లనే రాయాలె తల్లీ అన్నాడు. మొదటిసారి నన్ను తల్లీ అన్నాడు.

1951 ఫిబ్రవరి 19

రుక్కమ్మను, ఎల్లేశాన్ని సాక్షులుగా తీసుకుని కచేరికి పోయాను. రైల్లో రుక్కమ్మ అంది, కొడుకేమో ఆ పేరు వద్దని తిప్పిండు, తల్లేమో ఆ పేరే చెప్పమని తిప్పుతున్నది, మీ ఇంటోళ్లతోని మా కాళ్లు అరిగిపాయె. నవ్వాను. చాలా రోజులకు నవ్వాను, తర్వాత కిటికీ వైపు తిరిగాను.

తహసీల్దారు సాక్షులను అడిగాడు. ఆది హిందూ అని రాసినోళ్లు మాలోళ్లే దొరా, ఆ పిల్ల అన్న ఇష్టంతోని రాసుకున్న పేరది అని ఎల్లేశం చెప్పాడు. ఇష్టంతోని అన్నాడు. ఆ మాట బాగా చెప్పాడు.

1951 ఫిబ్రవరి 26

సర్టిఫికెట్ భూలక్ష్మి గారి చేతికిచ్చాను. రిజిస్టర్‌లో ఆది హిందూ మీద ఎర్ర గీత పెట్టి పక్కన కొత్తగా రాసింది. గీత సన్నగానే పెట్టింది. కింద నీ సంతకం అట్లాగే ఉంది. సీటుకి ఇక భయం లేదండి అంది. సక్కు తల దువ్వి జడ వేసి వచ్చాను.

నాకు సంతోషం రావలసిన రోజు ఇది. రాలేదు. కొడుకును రెండోసారి సాగనంపినట్టుంది.

1951 మార్చి 2

పంతులు మళ్లీ వచ్చాడు. సరిచూసుకోవాలట. మొన్న రాసినాక ఈ ఇంట్లో ఎవరన్న పుట్టిండ్రా, ఎవరన్న పోయిండ్రా అని అడిగాడు.

ఎవరూ పోలేదు అని చెప్పాను.

ఈ పుస్తకం రేపు హాస్టల్‌కు పంపుతాను. సక్కూ, చదవడం తర్వాత. ముందు పోయి కడుపునిండా తిను.